అంగుళం ఎక్కువ

సోమవారం నన్ను ట్రయల్‌కి రమ్మన్నారు. పది నుంచి రెండు దాకా. ఆ నాలుగు గంటల్లో ఒక ప్యాంటు కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి బల్ల మీద పెట్టాలి. అది నాకేం కష్టం కాలేదు. కష్టమంతా ఆ తర్వాత మా ఇంట్లో మొదలైంది.

నాకు నలభై ఒకటి. మా నాన్న టైలరు. పలక పట్టకముందే నేను సుద్దముక్క పట్టాను, అదీ గుడ్డ మీద గీయడానికి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ మా వీధి బట్టలన్నీ నా మిషన్ మీదుగానే పోతున్నాయి. జిప్పు ఊడినా, జేబు చిరిగినా, పొడుగైన ప్యాంటు పొట్టి చేయాలన్నా అందరూ మా ఇంటికే వస్తారు. "ఒక్క కుట్టే కదమ్మా" అంటారు. ఆ ఒక్క కుట్లన్నీ కలిపితే ఒక బట్టల కొట్టు నిలబడేది. అయినా నన్ను టైలరు అన్నవాళ్లు ఒక్కరూ లేరు. "ఆవిడకి కుట్టు వచ్చు" అంటారంతే. నీళ్లు కాచడం వచ్చు అన్నట్టు.

బజారులో ఉన్న పెద్ద టైలరింగ్ షాపు అద్దం మీద "కట్టర్ కావలెను, పని చూసి తీసుకుంటాం" అని కాగితం కనబడగానే ఆగి రెండుసార్లు చదివాను. మిషన్ తొక్కేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. కట్టర్ అంటే బల్ల దగ్గర నిలబడేవాడు. వాడి కత్తెర తప్పితే కుట్టేవాడు దేవుడైనా ఏం చేయలేడు. నాకు ఆ బల్ల కావాలి. ఇందులో సిగ్గుపడడానికేమీ లేదు. పద్దెనిమిదేళ్లుగా నాకు కావలసినది అదే.

షాపు యజమాని, ప్రధాన కట్టరు ఒకరే. అందరూ మాస్టారు అంటారు. యాభై ఎనిమిదేళ్లు. కుడి భుజం పట్టేయడంతో రెండో మనిషి కోసం చూస్తున్నాడు. కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, వాటిలోంచి కాకుండా వాటి పైనుంచి చూస్తాడు. షాపులో ఇంకో ముఖ్యమైన మనిషి కాజాలక్క. చొక్కాలకి కాజాలు తీసి, గుండీలు కుట్టి, షాపులో ఏం జరుగుతోందో అందరికంటే ముందు తెలుసుకునే మనిషి.

లోపలికి వెళ్లగానే మాస్టారు నా మెడలో టేపు చూశాడు.

"అది తీసి మేకుకి తగిలించమ్మా. ఈ షాపులో షాపు టేపే. బయటి టేపులు సాగిపోయి ఉంటాయి, నేను నమ్మను" అన్నాడు.

నా టేపు సాగలేదు. దాని జబ్బు వేరు. ఎప్పుడో మా నాన్న మిషన్ చక్రంలో ఇరుక్కుని దాని మొదటి అంగుళం చిరిగిపోయింది. ఆయన ఆ ముక్క కోసేసి, చివరి ఇనుప పట్టీ మళ్లీ బిగించాడు. అంటే ఆ టేపు సున్నా దగ్గర కాదు, ఒకటి దగ్గర మొదలవుతుంది. దాంతో ముప్పై అని వస్తే అసలు కొలత ఇరవై తొమ్మిది. గుడ్డ మీద ముప్పై కావాలంటే ముప్పై ఒకటి దగ్గర గీయాలి. మా పుట్టింట్లో అందరికీ ఈ లెక్క నోటికి వచ్చు. కొత్త టేపు కొనలేక కాదు. అత్తింటికి తెచ్చుకున్నవాటిలో ఇప్పటికీ నేను చెప్పినట్టు వినేది అదొక్కటే. అందుకని ఉంచుకున్నాను.

సరే, నాది మేకుకి తగిలించి, అక్కడున్న షాపు టేపు మెడలో వేసుకున్నాను. మాస్టారు చీటీ ఇచ్చాడు. నడుము ముప్పై నాలుగు, పొడవు నలభై, అడుగు, అంటే కాలి కింది అంచు చుట్టుకొలత, పదహారు. మిగిలిపోయిన ఖాకీ గుడ్డ. కత్తిరించే బల్ల అంచు పొడవునా ఇత్తడి కొలబద్ద బిగించి ఉంది, అక్కడ గుడ్డ మీద గీసేదంతా దానితోనే. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గుడ్డ తడిపి ఇస్త్రీ చేసి, అడ్డం నిలువు సరిచూసి, గీసి, కుట్టుకి వదలాల్సింది వదిలి కోశాను. రెండింటికి పది నిమిషాలుండగా ప్యాంటు బల్ల మీద ఉంది. మాస్టారు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ చేత్తోనే వెళ్లమన్నాడు. "రెండ్రోజుల్లో ఫోన్ చేస్తాం" అన్నాడు. నేను సంచి తీసుకుని వచ్చేశాను.

మంగళవారం ఫోన్ రాలేదు. బుధవారం కూడా రాలేదు. బుధవారం సాయంత్రం మా ఇంట్లో సభ కూడింది.

సభ్యులు ముగ్గురు. మా ఆయన, ఆయనకో గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పై వాటాలో ఉంటారు, ఏదో ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మూడోది మా అమ్మాయి, కాలేజీ. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా సూదిలో దారం ఎక్కించలేరు.

"నేనే ఓసారి ఫోన్ చేసి అడుగుతాను" అన్నాను.

"వద్దు. మనమే చేస్తే లోకువైపోతాం. వాళ్లకి అవసరమైతే వాళ్లే చేస్తారు" అన్నాడు మా ఆయన. ఆయన ఉద్యోగానికి ఆఫీసు చుట్టూ పదకొండు సార్లు తిరిగిన సంగతి నాకు తెలుసు. నేను కూడా అన్నం డబ్బా పట్టుకుని రెండుసార్లు వెళ్లాను.

"అమ్మా, నలభై ఎనిమిది గంటలు ఆగి మెసేజ్ పెట్టాలి. థాంక్యూ ఫర్ ది ఆపర్చునిటీ అని. ఫాలో-అప్ అంటారు దాన్ని. అందరూ చేస్తారు" అంది మా అమ్మాయి.

"ఎవరే అందరూ?"

"నెట్‌లో ఉంది."

బావగారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే కాగితం, కలం, మూడు కాపీలు తప్పవు. "చూడమ్మాయ్, ఫోన్ మాటలకి సాక్ష్యం ఉండదు. మెసేజంటే మర్యాద ఉండదు. నేను రాసిస్తాను. దాన్ని ఫోటో తీసి పంపించు" అన్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు. కానీ పెద్దాయన. కాదంటే రెండ్రోజులు పై వాటాలో కుర్చీలు గట్టిగా లాగుతారు.

గురువారం పొద్దున ఉత్తరం తయారైంది.

"గౌరవనీయులైన మాస్టారు గారి దివ్య సముఖమునకు. విషయము: సోమవారము నాడు తమ దుకాణమందు నిర్వహింపబడిన ప్యాంటు పరీక్ష, తదనంతర ఫలితము గూర్చి. పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది యేమనగా, సదరు పరీక్షయందు పాల్గొను భాగ్యము కలిగించినందులకు..." ఇలా ఒకటిన్నర పేజీ ఉంది. ఒకటిన్నర పేజీలో "నన్ను తీసుకున్నారా లేదా" అన్న ముక్క ఎక్కడా లేదు. ఇదేమిటని అడిగితే "అది సూచనప్రాయంగా ఉంటుంది" అన్నారు.

ఫోటో తీసి పంపించాం. రెండు గంటల తర్వాత మాస్టారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "చూశాను."

ఆ ఒక్క మాట మీద సాయంత్రం అందరూ ఇల్లు చేరాక చర్చ నడిచింది. ఉత్తరం చూశాడా, ప్యాంటు చూశాడా, ఇంకెవరినైనా చూశాడా? బావగారి అభిప్రాయం ప్రకారం అది సానుకూలం. మా ఆయన అభిప్రాయం ప్రకారం మేం అప్పటికే లోకువైపోయాం. నాకు ఏడుపొచ్చింది. నాలుగు గంటలు పని చేసి చూపించాను, బాగుందో బాగాలేదో తెలుసుకునే హక్కు కూడా నాకు లేదా? అది నోటితో అడగడానికి ముగ్గురి అనుమతి ఎందుకు కావాలి?

చేతులు ఊరుకోక మిషన్ ముందు కూర్చున్నాను. ట్రయల్ ముందు రోజు బావగారి కిటికీ కొలిచి ఉంచాను, కర్టెన్ కుట్టాలి. సోమవారం వచ్చాక గోడకి తగిలించిన టేపు ఇప్పుడే మళ్లీ తీశాను. గుడ్డ పరిచి, అరవై కావాలి కాబట్టి అరవై ఒకటి దగ్గర గీసి కత్తిరించి, మడిచి కుట్టి, పైకి తీసుకెళ్లి తగిలించాను.

కర్టెన్ కిటికీ దిగువ గట్టు మీద ఒక అంగుళం వాలి పడింది.

"ఏమ్మా, ఇదేనా నీ కొలత?" అన్నారు బావగారు. ఆయన గొంతులో జాలి కంటే సంతోషమే ఎక్కువ.

నా కొలత తప్పదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మెడ తడుముకున్నాను. టేపు చివర పట్టుకుని చూశాను. సున్నా ఉంది. సున్నా నుంచి ఒకటి దాకా పూర్తి అంగుళం, కొత్త పెళ్లికూతురులా నిండుగా ఉంది. అది నా టేపు కాదు. షాపుది.

టైలరుకి మెడలో టేపు ఉందన్న సంగతి గుర్తుండదు. చెవికి పోగులున్నట్టే అదీ ఉంటుంది. సోమవారం వాళ్ల టేపు వేసుకునే బజారంతా నడిచి ఇంటికి వచ్చేశాను. రెండూ పచ్చటివే, రెండూ వెలిసినవే. నాది అక్కడే, మాస్టారి మేకు మీద ఉండిపోయింది. నాలుగు రోజులుగా మాస్టారు కస్టమర్లని కొలుస్తున్నది దానితోనే.

సభ మళ్లీ కూడింది, నేను పిలవకుండానే.

"కొత్త టేపు కొని, ఎవరూ చూడకుండా ఆ మేకుకి తగిలించి, నీది తీసుకుని వచ్చెయ్" అన్నాడు మా ఆయన. గోడౌన్ లెక్కలు ఎలా సరిపోతాయో నాకా క్షణంలో తెలిసింది.

"లిఖితపూర్వకంగా ఏదీ ఒప్పుకోకూడదు" అన్నారు బావగారు. "పైగా నా ఉత్తరం ఇప్పుడే పనిచేయడం మొదలుపెట్టింది. మధ్యలో నువ్వు వెళ్లి షాపు వస్తువు ఎత్తుకొచ్చానంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది."

"అమ్మా, వెళితే నీకు ఉద్యోగం రాదేమో" అంది మా అమ్మాయి మెల్లగా. ముగ్గురిలోనూ భయపడ్డది అదొక్కతే. నాకూ అదే భయం. కొలత తప్పు టేపు మెడలో వేసుకుని తిరిగే మనిషికి కత్తెర ఎవడిస్తాడు? వివరం చెప్పబోతే ఆడలేక మద్దెల ఓడు అన్నదట అంటారు. కానీ అక్కడ నాలుగు రోజులుగా మనుషుల బట్టలన్నీ తప్పు కొలతకి తెగుతున్నాయి. తెగిన గుడ్డ మళ్లీ అతుక్కోదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఉదయం మా ఆయన గోడౌన్‌కి వెళ్లాక, బావగారు పేపరు చదువుతుండగా, షాపు టేపు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

షాపులో మాస్టారు బల్ల ముందు నిలబడి ఎడం చేత్తో కుడి భుజం నొక్కుకుంటున్నాడు. పక్కన చీటీల కట్ట. కాజాలక్క కిటికీ దగ్గర కూర్చుని కాజాలు తీస్తోంది. నేను నోరు తెరిచేలోపే మాస్టారు చెయ్యి ఎత్తాడు.

"వచ్చావా? మంచిదే. ఆ ఉత్తరం నువ్వే పంపావా? కళ్లద్దాలు లేక ముందు కోర్టు నోటీసనుకున్నాను. చూడమ్మా, నీ కుట్టు శుభ్రంగా ఉంది. జిప్పు బాగా వేశావు, జేబు బాగుంది. కానీ కొలత లేదు. కట్టరుకి కొలతే ప్రాణం. నడుం ముప్పై నాలుగు చెయ్యమంటే ముప్పై అయిదు చేశావు. పొడవు నలభై అంటే నలభై ఒకటి. అడుగు పదహారు అంటే పదిహేడు. ఒకచోట తప్పితే పొరపాటు అనుకోవచ్చు. అన్నిచోట్లా అంగుళం ఎక్కువే! ఇంత ఒద్దికగా తప్పు చేసినవాళ్లని నా సర్వీసులో చూళ్లేదు."

నాకప్పుడు విషయం వెలిగింది. నా ప్యాంటుని ఆయన నా టేపుతోనే కొలిచి నన్ను ఫెయిల్ చేశాడు.

"కట్టరుగా వద్దుగానీ, కాజాలకి ఇంకో మనిషి కావాలి. కాజాకి అంగుళాల గొడవ ఉండదు. సోమవారం నుంచి రా" అన్నాడు.

ఆయన దయతోనే అన్నాడు. అదే నాకు మండింది. నిన్నటిదాకా ఈ షాపులో ఏదో ఒక మూల దొరికితే చాలనుకున్నదాన్నే. కానీ చెయ్యని తప్పుకి శిక్ష వేసి, ఆ శిక్షనే వరంలా ఇస్తే ఎలా తీసుకోను?

"మాస్టారూ, ముందు ఒక మాట వినండి. సోమవారం నేను మీ టేపు వేసుకుని ఇంటికెళ్లిపోయాను. ఇదిగో. తప్పు నాదే. ఆ మేకుకున్నది నాది. దానికి మొదటి అంగుళం లేదు" అన్నాను.

కాజాలక్క సూది ఆగింది.

"లేకపోవడమేంటి?"

"చిరిగితే మా నాన్న కోసేశారు. అది ఒకటి దగ్గర మొదలవుతుంది. నాలుగు రోజులుగా మీరు రాసిన కొలతలన్నీ అంగుళం ఎక్కువ."

మాస్టారు నవ్వాడు. "అమ్మాయ్, ముప్పై రెండేళ్లుగా కొలుస్తున్నాను. అంగుళం తేడా వస్తే నా వేళ్లకే తెలుస్తుంది."

"మంగళవారం మీరే అన్నారు కదా మాస్టారూ" అంది కాజాలక్క తల ఎత్తకుండా, "ఈమధ్య జనం లావెక్కిపోతున్నారు అని. మెడికల్ షాపాయన నడుము ముప్పై ఎనిమిది నుంచి ముప్పై తొమ్మిదికి వచ్చిందని ఆయనకి క్లాసు కూడా పీకారు."

"లావెక్కారు మరి! కూర్చుని తింటున్నారు. నడకల్లేవు. నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు మాస్టారు.

"నడుం సరే. బుధవారం స్కూలు మాస్టారి చెయ్యి కూడా అంగుళం పొడుగొచ్చింది. ఆయనకి యాభై నాలుగేళ్లు. చేతులు ఇంకా పెరుగుతున్నాయా?"

మాస్టారు మేకు మీది టేపు తీశాడు. బల్ల అంచున ఇత్తడి కొలబద్ద పక్కన పరిచాడు. అప్పుడు, నాకు తెలిసి మొదటిసారి, కళ్లద్దాలు కళ్ల దాకా జరుపుకుని వాటిలోంచి చూశాడు. టేపు మీద రెండు ఉన్నచోట కొలబద్ద మీద ఒకటి ఉంది. పది ఉన్నచోట తొమ్మిది ఉంది. వేలితో చివరిదాకా చూసుకుంటూ వెళ్లాడు, మధ్యలో ఎక్కడైనా కలుస్తాయేమో అని. కలవలేదు.

నేను అలమర మీద ఉన్న నా ఖాకీ ప్యాంటు తెచ్చి కొలబద్ద మీద పెట్టాను. పొడవు సరిగ్గా నలభై. నడుము సగం మడిచి పెట్టాను, పదిహేడు. అడుగు సగానికి ఎనిమిది. గోరంత తేడా లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే చూస్తారు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "ఇరవై మూడు చీటీలు రాశాను. ఆరు కోసేశాను" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి ముప్పై రెండేళ్లు లేవు. "ఇప్పుడేం చెయ్యను? అందర్నీ మళ్లీ పిలిచి కొలిస్తే బజారులో నా పరువుంటుందా?"

"పిలవక్కర్లేదు మాస్టారూ. కొలతలన్నీ ఒక్కటే టేపుతో తీశారు, తప్పూ ఒక్కలాగే ఉంటుంది. చీటీ మీద ప్రతి అంకెలోనూ ఒకటి తీసెయ్యండి. చాలు. కొయ్యనివి పదిహేడు అలా సరిపోతాయి."

"కోసిన ఆరూ?"

"ఎక్కువయ్యాయి కాబట్టి బతికిపోయాం. తక్కువైతే అతుకులు వెయ్యాల్సొచ్చేది. పొడవులో అంగుళం కింద తీసెయ్యొచ్చు. నడుము, ఛాతీ పక్క కుట్లలో లోపలికి తీసుకుందాం. చొక్కాల భుజం దగ్గరే పని, చేతులు అతికే చోటు మళ్లీ గీసి కొయ్యాలి. అవి తెండి, చూస్తాను."

తెచ్చాడు. నేను కత్తెర అడగలేదు. బల్ల మీద ఉన్నది తీసుకున్నాను. మొదటి చొక్కా ముక్కలు పరిచి, చీటీలో అంకెలు సరిచేసి, భుజం మళ్లీ గీశాను. మాస్టారు నా భుజం మీదుగా తొంగి చూస్తూ రెండుసార్లు ఏదో అనబోయి ఆగాడు. మూడో చొక్కా దగ్గర కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు.

"సోమవారమే ఎందుకు అడగలేదు నువ్వు? మంగళవారమైనా వచ్చి అడగొచ్చుగా, నా ప్యాంటు ఎలా ఉందని. ఆ రోజే కొలబద్ద మీద పెట్టేవాళ్లం" అన్నాడు.

"మీరు ఫోన్ చేస్తానన్నారు."

"అంటాను. అందరికీ అంటాను. కొలత తప్పిందని మొహం మీద చెప్పలేక ఊరుకుంటాను. ఏ పనివాడైనా తన పని ఎలా ఉందని వచ్చి అడగడూ?"

"ఇంట్లో వద్దన్నారు" అన్నాను. అనగానే ఆ మాట నాకే చేదుగా తగిలింది.

"ఇక్కడ ఇంట్లో అడిగి కొయ్యడం కుదరదమ్మా" అన్నాడు మాస్టారు. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే అన్నాడు. పద్దెనిమిదేళ్లలో నాకెవరూ ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద చీవాట్లు పెట్టలేదు.

"అయితే బల్ల నాదేనా, కాజాలా?" అని అడిగాను. సూచనప్రాయంగా కాదు, సూటిగా.

"కాజాలకి నువ్వు పనికిరావు. నోరెక్కువ. ఆ సీటు ఇప్పటికే నిండిపోయింది" అని కాజాలక్క వైపు చూశాడు. "బల్లే. ఆ టేపు మాత్రం షాపులోకి తేవద్దు."

కాజాలక్క పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే గాజు తలుపు తోసుకుని మెడికల్ షాపాయన వచ్చాడు, చెమటలు కక్కుతూ. మంగళవారం క్లాసు తిన్నప్పటి నుంచి రోజూ పొద్దున అయిదు కిలోమీటర్లు నడుస్తున్నాడట. గుడ్డ కొయ్యకముందే ఒక్కసారి నడుము మళ్లీ కొలవమన్నాడు. మాస్టారు నా వైపు చూశాడు. నేను షాపు టేపు తీసుకుని కొలిచాను.

"ముప్పై ఎనిమిది" అన్నాను.

"చూశారా! మూడ్రోజుల్లో అంగుళం!" అని ఆయన చిన్నపిల్లాడిలా చేతులు చరిచాడు.

"నేను చెప్పలేదూ?" అన్నాడు మాస్టారు ఏ జంకూ లేకుండా. "నడక మానకండి."

పాపం, ఆయన్ని నడవకుండా చేసే పాపం నాకెందుకు? నేనూ నోరు మూసుకున్నాను. నిజం చెప్పాల్సిన చోట చెప్పాను, ఆ రోజుకి నా వంతు అయిపోయింది.

ఆయన వెళ్లగానే ఫోన్ మోగింది. మా ఆయన. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ ఎత్తాను.

"ఎక్కడున్నావు? అన్నయ్య ఫోన్ చేశాడు, ఇంట్లో లేవట. ఆ షాపుకి గానీ వెళ్లలేదు కదా? అన్నయ్య ఇంకో ఉత్తరం రాశాడు, రిమైండర్‌ట, పంపించే ముందు ఒకసారి నువ్వు..."

"పనిలో ఉన్నాను. తర్వాత మాట్లాడతాను" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక గుర్తొచ్చింది, అది ఆయన మాట. పెళ్లయిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం నేనెప్పుడు ఫోన్ చేసినా, బిడ్డకి జ్వరమని చేసినా, ఆయన అదే అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లు వినడమే తప్ప అనడం నాకిదే మొదటిసారి. అవతల ఆయన ఫోన్ వంక చూస్తూ నిలబడి ఉంటాడు, నేను ఎన్నిసార్లో నిలబడ్డట్టు. కాస్త జాలేసింది. కానీ బల్ల మీద ఇంకా మూడు చొక్కాలున్నాయి.